అమ్మది బి పాజిటివ్, నాదీ బి పాజిటివ్. అయినా నా రక్తం కలవలేదన్నారు, ఎందుకు?

రాఘవ · సోమవారం రాత్రి 9:40

అమ్మకు 61 ఏళ్ళు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కి ముందు రెండు బ్యాగుల రక్తం ఎక్కించాలన్నారు, హిమోగ్లోబిన్ 7.2 ఉంది. అమ్మదీ నాదీ ఒకటే గ్రూపు కాబట్టి పొద్దున వెళ్ళి నేనే ఇచ్చాను. సాయంత్రం బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్ వచ్చింది. నా బ్యాగు అమ్మకు కలవలేదట. వాళ్ళ దగ్గరున్న ఇంకో రెండు బి పాజిటివ్ బ్యాగులూ కలవలేదట. శాంపిల్ మళ్ళీ పంపమన్నారు.

నాకు ఒకటే అర్థం కావడం లేదు. కన్నకొడుకు రక్తం, అదీ ఒకే గ్రూపు, తల్లికి ఎందుకు సరిపోదు? గ్రూపు తప్పు చూశారా? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కిరణ్ · సోమవారం రాత్రి 9:58

రాఘవ గారూ, ఎక్కడో గ్రూపు తప్పు రాసి ఉంటారు. ఒకే గ్రూపు అయితే కలవకపోవడం ఉండదు. ఇంతమాత్రానికి ఆగిపోవద్దు, ఓ నెగెటివ్ తెప్పించండి. దాని మీద ఎ ఉండదు, బి ఉండదు, ఆర్‌హెచ్ కూడా ఉండదు. అందుకే ఎవరికైనా ఎక్కించవచ్చు. యాక్సిడెంట్ కేసుల్లో చేసేది అదే కదా.

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · సోమవారం రాత్రి 10:20

రాఘవ గారూ, ఓ నెగెటివ్ మాట కాసేపు పక్కన పెట్టండి. కిరణ్ గారు యాక్సిడెంట్ కేసుల గురించి అన్నది నిజమే. కానీ మీ అమ్మగారి విషయంలో అదే అన్నిటికంటే చెడ్డ ఎంపిక కావచ్చు. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నాకు మూడు సంగతులు కావాలి.

అమ్మగారికి ఎన్ని కాన్పులు? ఇంతకుముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, ఎక్కిస్తే ఎప్పుడు? ఆ తర్వాత వారం పది రోజుల్లో జ్వరం, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం లాంటివి ఏమైనా కనిపించాయా?

ఆ బ్లడ్ బ్యాంక్ వాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "ఆటో కంట్రోల్ ఎలా వచ్చింది?" అని. అంటే ఆవిడ ప్లాస్మాని ఆవిడ ఎర్ర కణాలతోనే కలిపి చూసినప్పుడు గడ్డ కట్టిందా లేదా అని.

రాఘవ · సోమవారం రాత్రి 10:47

సుధాకర్ గారూ, ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆటో కంట్రోల్ నెగెటివ్ అట.

మేమిద్దరం అన్నదమ్ములం, అంటే రెండు కాన్పులు. ఆరు వారాల క్రితం బాగా నీరసంగా ఉందని వేరే ఆసుపత్రిలో ఒక బ్యాగు ఎక్కించారు. అప్పుడు రెండు రక్తాలూ కలిపి చూసే క్రాస్ మ్యాచ్ బాగానే ఉందన్నారు. హిమోగ్లోబిన్ 6.8 నుంచి 7.9కి వచ్చింది. మీరు అడిగారు కాబట్టి గుర్తుకొస్తోంది: తొమ్మిదో రోజో పదో రోజో కళ్ళు పచ్చగా అయ్యాయి, మూత్రం బాగా ముదురుగా వచ్చింది. మళ్ళీ చూస్తే 6.9కి పడిపోయింది. లివర్ సమస్య అన్నారు, మాత్రలు ఇచ్చారు, తగ్గింది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · సోమవారం రాత్రి 11:35

ఉందనే నా అనుమానం. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మనం గ్రూపు అన్నప్పుడు చూసేది మూడే మూడు: ఎర్ర కణం మీద ఎ ఉందా, బి ఉందా, డి ఉందా. పాజిటివ్, నెగెటివ్ అనేది ఆ డి గురించి మాత్రమే. కానీ ఆర్‌హెచ్ కుటుంబంలో డి ఒక్కటే లేదు. పెద్ద సి, చిన్న సి, పెద్ద ఇ, చిన్న ఇ అని ఇంకా ఉన్నాయి. అవి కాక కెల్, డఫీ, కిడ్ అని వేరే కుటుంబాలున్నాయి. వీటిని మామూలు గ్రూపింగ్‌లో చూడరు. అందుకే ఇద్దరూ బి పాజిటివ్ అయినంత మాత్రాన వాళ్ళ కణాలు అచ్చంగా ఒకటి కావు.

సి జన్యువు మనకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. మీ అమ్మగారికి రెండు వైపుల నుంచీ పెద్ద సి వచ్చి ఉంటే ఆవిడ కణాల మీద చిన్న సి అసలు ఉండదు. మీకు ఆవిడ నుంచి పెద్ద సి, మీ నాన్నగారి నుంచి చిన్న సి వచ్చి ఉండవచ్చు. కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొద్దిగా తల్లి రక్తంలో కలుస్తుంది. ఆవిడ ఒంటికి చిన్న సి కొత్తది కాబట్టి దాన్ని పట్టుకునే యాంటీబాడీ తయారు చేసుకుంటుంది. అంటే కొడుకు కాబట్టి కలవాలి అని మీరు అనుకుంటున్నారు, నిజానికి ఆ యాంటీబాడీకి మొదటి కారణం మీరో మీ తమ్ముడో అయి ఉండవచ్చు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ యాంటీబాడీ రక్తంలో తగ్గిపోతుంది, పరీక్షకు అందనంతగా. ఆరు వారాల క్రితం క్రాస్ మ్యాచ్ బాగా వచ్చింది అందుకే అయి ఉంటుంది. కానీ ఒంటికి ఆ జ్ఞాపకం పోదు. ఎక్కించిన బ్యాగులో చిన్న సి కనబడగానే కొద్ది రోజుల్లో యాంటీబాడీ మళ్ళీ పెద్ద ఎత్తున తయారై, ఎక్కించిన కణాలను విరగ్గొట్టేసింది. విరిగిన కణాల్లోంచి వచ్చిన పసుపే కళ్ళలో కనిపించింది. ఒక బ్యాగుకి పెరిగిన ఒక గ్రాము పది రోజుల్లో మళ్ళీ పోవడం కూడా దీనికి సరిపోతుంది. ఆలస్యంగా వచ్చే ఇలాంటి రియాక్షన్‌ని కామెర్లనో లివర్ అనో పొరబడటం మామూలే.

ఆటో కంట్రోల్ నెగెటివ్ అంటే ఆవిడ ప్లాస్మా తన సొంత కణాలను ఏమీ చేయడం లేదు, బయటివాళ్ళ కణాలనే పట్టుకుంటోంది. గ్రూపు తప్పు అనే అనుమానం నాకు లేదు.

అయితే అది చిన్న సి అని నేను ఊహిస్తున్నాను అంతే. కెల్ కావచ్చు, కిడ్ కావచ్చు. ఏ కణం మీద ఏమున్నాయో ముందే తెలిసిన పదకొండు రకాల కణాలతో ఆవిడ ప్లాస్మాని కలిపి చూస్తారు, దాన్నే ప్యానెల్ అంటాం. అది పెడితే తేలుతుంది.

శంకరం మాస్టారు · మంగళవారం ఉదయం 6:15

సుధాకర్ గారు రాసింది చదివాక ఒక సందేహం. ఎ గ్రూపు మనిషికి బి రక్తం మొదటిసారి ఎక్కించినా ప్రమాదమే అంటారు కదా. అతను ఎప్పుడూ బి రక్తాన్ని చూసి ఉండడు. మరి దానికి యాంటీబాడీ ముందే ఎలా ఉంటుంది? చిన్న సికి మాత్రం ఒకసారి పరిచయం కావాలంటున్నారు. ఈ తేడా ఏమిటి?

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · మంగళవారం ఉదయం 7:50

మాస్టారూ, మొత్తం విషయానికి మూలం ఇదే.

ఎ, బి అనేవి చక్కెర అణువులు, కణం ఉపరితలం మీద గొలుసు చివర అతుక్కుని ఉంటాయి. అలాంటి చక్కెరలే మన పేగుల్లో ఉండే బ్యాక్టీరియా మీదా ఉంటాయి. పుట్టిన కొద్ది నెలలకే పసిబిడ్డ వాటికి యాంటీబాడీలు తయారు చేసుకోవడం మొదలుపెడుతుంది, తన ఒంట్లో ఉన్న చక్కెరను మాత్రం వదిలేస్తుంది. అందుకే ఎ వాళ్ళకు బిని పట్టుకునేది, బి వాళ్ళకు ఎని పట్టుకునేది, ఓ వాళ్ళకు రెండూ సిద్ధంగా ఉంటాయి. 1901లో లాండ్‌స్టైనర్ తన ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళ రక్తాలనే ఒకరిదొకరికి కలిపి చూసి గమనించింది ఈ గడ్డ కట్టడాన్నే.

డి, సి, ఇ అలా కాదు. అవి ప్రోటీన్లు, బ్యాక్టీరియా మీద ఉండవు. వేరే మనిషి రక్తం ఒంట్లోకి వస్తే తప్ప వాటికి యాంటీబాడీ మామూలుగా పుట్టదు. వచ్చే దారులు ముఖ్యంగా రెండు: ఎక్కించడం, గర్భం.

దెబ్బ కొట్టే తీరూ వేరు. ఎ, బి యాంటీబాడీలు కణాన్ని రక్తనాళంలోనే పగలగొట్టేస్తాయి. నిమిషాల్లో చలి, నడుం నొప్పి, బీపీ పడిపోవడం, ఎర్రటి మూత్రం. కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణం పోవచ్చు. ఆర్‌హెచ్ యాంటీబాడీలు కణానికి అంటుకుని ఊరుకుంటాయి. ప్లీహం ఆ కణాలను ఏరి తినేస్తుంది. అందుకే నెమ్మది.

క్రాస్ మ్యాచ్‌కి ముప్పావు గంట పట్టేదీ ఇందుకే. ఎ, బి తేడా అయితే కలిపిన వెంటనే గడ్డ కట్టి కంటికి కనిపిస్తుంది. అంటుకుని ఊరుకునేవి అలా కనిపించవు. వాటిని 37 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి, అంటుకున్న యాంటీబాడీలను ఒకదానికొకటి ముడివేసే కూంబ్స్ రియేజెంట్ తోడు పెట్టాలి. ఇప్పుడు జెల్ కార్డులు వచ్చాయి. సన్నటి గొట్టంలో జెల్ ఉంటుంది, కార్డును పది నిమిషాలు తిప్పుతాం. కణాలు అడుగున ఎర్రటి చుక్కలా చేరితే కలిసినట్టు. గుంపు కట్టిన కణాలు జెల్‌లోంచి దిగలేక పైనే గీతలా నిలిచిపోతాయి. కొన్ని మధ్యలో చెదిరి ఆగుతాయి, అదీ కలవనట్టే లెక్క.

వార్డ్ మేరీ · మంగళవారం ఉదయం 9:05

సుధాకర్ గారు ల్యాబ్ సంగతి చెప్పారు, నేను వార్డు సంగతి చెబుతాను. శాంపిల్ మళ్ళీ అడిగారని రాఘవ గారు కంగారుపడ్డారు, దాన్ని విసుక్కోవద్దు. ఎ, బి తేడాతో జరిగే పెద్ద ప్రమాదాల్లో ఎక్కువ భాగం ల్యాబ్‌లో పుట్టవు, మంచం పక్కన పుడతాయి. ఒకరి రక్తం తీసి ఇంకొకరి పేరు రాయడం, బ్యాగు పక్క మంచానికి పెట్టడం. తప్పు ట్యూబ్ వస్తే ల్యాబ్‌లో ఎంత బాగా క్రాస్ మ్యాచ్ చేసినా ఆ తప్పు మనిషికే మ్యాచ్ చేసినట్టవుతుంది.

మా దగ్గర ట్యూబ్ మీద పేరు మంచం దగ్గరే రాయాలి, ముందే రాసి పెట్టుకోవడం, తర్వాత రాయడం రెండూ కుదరవు. రెండుసార్లు వేరువేరుగా తీసిన శాంపిల్స్‌లో గ్రూపు ఒకటే వస్తేనే నమ్ముతాం. ఎక్కించేముందు ఇద్దరం నిలబడి చేతి పట్టీ మీద నంబరు, బ్యాగు మీద నంబరు బయటికి చదువుతాం. మొదటి పావుగంట నెమ్మదిగా వదిలి పక్కనే ఉంటాం. అమ్మకు చలి వేసినా, నడుం నొప్పి అన్నా, "ఏదోలా ఉంది" అన్నా వెంటనే పిలవండి. బ్యాగు ఆపేసి సెలైన్ పెడతారు, సూది మాత్రం తీయరు.

లావణ్య · మంగళవారం ఉదయం 11:30

ఇది చదివాక నాకు భయం వేస్తోంది. నాది ఓ నెగెటివ్, మా ఆయనది బి పాజిటివ్. నాకిప్పుడు ఆరో నెల, మొదటి కాన్పు. మా ఇద్దరి రక్తం కలవదు కాబట్టి బిడ్డకు ఇబ్బందా? కాన్పులో రక్తం అవసరమైతే మా ఆయనది ఎక్కించవచ్చా?

వార్డ్ మేరీ · మంగళవారం మధ్యాహ్నం 12:10

లావణ్యా, ఇక్కడ నడుస్తున్నది రాఘవ గారి అమ్మ విషయం, నీది కాస్త వేరు. భార్యాభర్తల గ్రూపులు కలవకపోవడం జబ్బు కాదమ్మా. నీకు డి లేదు, బిడ్డకు ఉండవచ్చు, చూసుకోవాల్సింది అదొక్కటే. నీ రక్తంలో యాంటీబాడీ ఉందేమో చూసే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేయించావా? అది నెగెటివ్ అయితే 28 వారాలప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. బిడ్డ పాజిటివ్‌గా పుడితే 72 గంటల లోపు ఇంకొకటి. నీ ఒంట్లో యాంటీబాడీ పుట్టకుండా ఆపడానికే అది, ఒకసారి పుట్టాక ఇచ్చినా ఉపయోగం లేదు. అందుకే తేదీ దాటనీయకు.

మీ ఆయన రక్తం నీకు కుదరదు. ఓ వాళ్ళకు బి ఎక్కించనే కూడదు. గ్రూపు కలిసినా సరే, పిల్లలు కావాలనుకునే భార్యకు భర్త రక్తం ఎక్కించం. ఆయన కణాల మీద ఉన్నవే రేపు బిడ్డకూ వస్తాయి.

లావణ్య · మంగళవారం మధ్యాహ్నం 12:25

కూంబ్స్ మూడో నెలలో చేశారు, నెగెటివ్. ఆ ఇంజెక్షన్ వేయించుకుంటే రాఘవ గారి అమ్మకు వచ్చినట్టు నాకు రాదు కదా?

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · మంగళవారం మధ్యాహ్నం 1:15

ఆ ఇంజెక్షన్ డి ఒక్కదానికే కాపలా. చిన్న సికి, కెల్‌కి అలాంటి ఇంజెక్షన్ లేదు. అయితే మీరు నెగెటివ్ కాబట్టి చిన్న సి మీ కణాల మీద ఉండే అవకాశమే చాలా ఎక్కువ. ఉన్నదానికి యాంటీబాడీ రాదు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

కిరణ్ గారికి చెబుతానన్నది కూడా ఇదే. డి లేనివాళ్ళలో చాలామందికి ఆ కుటుంబం నుంచి వచ్చేవి చిన్న సి, చిన్న ఇ. ఓ నెగెటివ్ బ్యాగు తీసుకుంటే దాని మీద ఎ లేదు, బి లేదు, డి లేదు, కానీ చిన్న సి మాత్రం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, అదీ రెండింతలుగా. రాఘవ గారి అమ్మకున్నది చిన్న సి యాంటీబాడీ అయితే ఓ నెగెటివ్ ఎక్కించడమంటే ఆవిడకు పడనిదాన్నే వెతికి తెచ్చి ఎక్కించడం. ఆవిడకు కలిసే రక్తం పాజిటివ్‌లలోనే దొరుకుతుంది.

కిరణ్ · మంగళవారం మధ్యాహ్నం 2:00

ఇది నేనెప్పుడూ వినలేదు. కానీ ప్రాణం పోయేలా రక్తం కారుతుంటే ప్యానెల్స్ పెట్టుకుంటూ కూర్చోలేరు కదా? అప్పుడైనా ఓ నెగెటివే ఇవ్వాలి.

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · మంగళవారం మధ్యాహ్నం 2:20

అప్పుడు ఇస్తారు, ఇవ్వాల్సిందే. రక్తం లేక పోయే ప్రాణం ముందు పది రోజుల తర్వాత వచ్చే కామెర్లు చిన్న విషయం. చాలామందికి ఇలాంటి యాంటీబాడీలు ఏవీ ఉండవు కాబట్టి అది నడుస్తుంది కూడా. ఇచ్చేముందు శాంపిల్ తీసి పెట్టుకుని, బ్యాగు ఎక్కుతుండగానే పరీక్ష మొదలుపెడతాం. రాఘవ గారి అమ్మది ఒకటి రెండు రోజులు ఆగగలిగే పరిస్థితి. ఆగగలిగినప్పుడు ఆగడమే సరైన వైద్యం.

ఇంకో మాట. ఓ అందరికీ అనేది ఎర్ర కణాల బ్యాగుకే. ప్లాస్మా దగ్గర అది తలకిందులవుతుంది. ఓ ప్లాస్మాలో రెండు యాంటీబాడీలూ ఉంటాయి కాబట్టి అది ఓ వాళ్ళకే. ప్లాస్మా అందరికీ ఇవ్వగలిగేది ఎబి వాళ్ళు.

రాఘవ · బుధవారం సాయంత్రం 6:40

ప్యానెల్ రిపోర్టు వచ్చింది. సుధాకర్ గారు అన్నట్టే చిన్న సికి యాంటీబాడీ ఉంది, దాంతోపాటు పెద్ద ఇకి కూడా ఉందట. అమ్మ కణాల మీద ఆ రెండూ లేవు. నా శాంపిల్ చూస్తే నాకు రెండూ ఉన్నాయి. బి పాజిటివ్, ఓ పాజిటివ్ కలిపి తొమ్మిది బ్యాగులు వెతికితే ఆ రెండూ లేనివి మూడు దొరికాయి. మూడూ కూంబ్స్ క్రాస్ మ్యాచ్‌లో కలిశాయి. ఈ మధ్యాహ్నం ఒకటి ఎక్కించారు. మేరీ గారు చెప్పినట్టే మొదటి పావుగంట సిస్టర్ పక్కనే కూర్చున్నారు. అమ్మ ప్రశాంతంగా నిద్రపోయింది. రెండోది రాత్రికి.

అమ్మకు బి ఉండగా ఓ పాజిటివ్ ఎందుకు వెతికారు? చిన్న సితో పాటు పెద్ద ఇ ఎలా వచ్చింది?

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · బుధవారం రాత్రి 8:10

చాలా సంతోషం. ఓ కణాలు బి వాళ్ళకు ఎక్కించవచ్చు, వెతికే బ్యాగుల సంఖ్య పెంచుకోవడానికి అలా చేస్తారు. చిన్న సి, పెద్ద ఇ జంటగా ఒకే జన్యు ముక్క మీద వస్తుంటాయి. మీ నాన్నగారి నుంచి మీకు ఆ ముక్క వచ్చింది. అందుకే యాంటీబాడీలూ తరచుగా జంటగానే కనిపిస్తాయి.

ఇప్పుడు రెండు పనులు. ఈ యాంటీబాడీల పేర్లు రాసిన కార్డు బ్లడ్ బ్యాంక్‌లో అడిగి తీసుకోండి. ఇంకో ఏడాదికి పరీక్షలో కనిపించకుండా పోవచ్చు. అప్పుడు వేరే ఊళ్ళో, వేరే ఆసుపత్రిలో మళ్ళీ అదే కథ జరగకుండా ఆపగలిగేది ఆ కార్డే. రెండోది, మళ్ళీ అవసరమైతే పాత శాంపిల్ పనికిరాదు. ఈ మూడు నెలల్లో రక్తం ఎక్కినవాళ్ళకు మూడు రోజులకు మించి పాత శాంపిల్‌తో క్రాస్ మ్యాచ్ చేయం.

తలసేమియా నాన్న · బుధవారం రాత్రి 9:30

మా పాపకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. మా సెంటర్‌లో మొదటి నుంచీ సి, ఇ, కెల్ చూసి కలిసినవే ఇస్తున్నారు. నా ప్రశ్న: ఆరు వారాల క్రితం రాఘవ గారి అమ్మకు కూడా అలా చూసి ఇచ్చి ఉంటే ఇదంతా జరిగేదే కాదు కదా? అందరికీ ఎందుకు చేయరు?

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · బుధవారం రాత్రి 10:05

మళ్ళీ మళ్ళీ ఎక్కించే పిల్లలకు అది తప్పకుండా చేయాలి. కానీ జీవితంలో ఒకటి రెండు బ్యాగులు ఎక్కేవాళ్ళలో ఎక్కువమందికి యాంటీబాడీ రానే రాదు. చిన్న సి, కెల్ లాంటి యాంటిజెన్లు గుర్తించినవే వందల్లో ఉన్నాయి, అన్నీ కలిపి చూస్తే ఎవరికీ బ్యాగు దొరకదు. నా మట్టుకు యాంటీబాడీ స్క్రీనింగ్ అందరికీ చేయాలి, అది చాలు అనిపిస్తుంది.

తలసేమియా నాన్న · బుధవారం రాత్రి 10:30

ఆవిడకు స్క్రీనింగ్ చేసి ఉన్నా ఆ రోజు ఏమీ కనిపించేది కాదని మీరే రాశారు. కొన్ని దేశాల్లో పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళకు కెల్ లేని రక్తమే ఇస్తారు. ఆడపిల్లలకైనా చిన్న సి, కెల్ చూసి ఇవ్వాలని నేనంటాను. రేపు వాళ్ళ బిడ్డలకు కదా ఇబ్బంది.

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · బుధవారం రాత్రి 10:50

ఆడపిల్లల విషయంలో మీ వాదన బలమైనదే, కాదనను. మా వాళ్ళలోనే దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి.

రాఘవ · గురువారం ఉదయం 8:20

రెండో బ్యాగు కూడా ఎక్కింది. హిమోగ్లోబిన్ 9.1. రేపు పొద్దున ఆపరేషన్. కార్డు అడిగాను, ఇస్తామన్నారు. ముందుముందు అవసరానికి మా మేనమామ రక్తం చూపించమంటారా? ఆయనదీ బి పాజిటివే.

సుధాకర్ (బ్లడ్ బ్యాంక్) · గురువారం ఉదయం 8:45

చూపించండి. తోబుట్టువుకి అమ్మగారికి వచ్చిన అవే రెండు జన్యు ముక్కలు వచ్చే అవకాశం కనీసం నాలుగింట ఒక వంతు, మీకంటే ఆయనకే కలిసే వీలు ఎక్కువ. కాకపోతే దగ్గరి బంధువుల రక్తాన్ని రేడియేషన్ పెట్టాకే ఎక్కించాలి. దాతలోని తెల్ల కణాలు ఒంట్లో నిలదొక్కుకుని ఎదురు తిరిగే ప్రమాదం బంధువుల విషయంలో ఎక్కువ. ఆ సదుపాయం ఉందో లేదో ముందే కనుక్కోండి. ఆపరేషన్ అయ్యాక వారం పది రోజులకి ఒకసారి హిమోగ్లోబిన్, బిలిరుబిన్ చూపించండి. ఈసారి కళ్ళు పచ్చబడితే లివర్ అనుకోకుండా నేరుగా బ్లడ్ బ్యాంక్‌కి శాంపిల్ పంపమనండి.